‘రీఫండ్ రాలేదు’ అనే ఒక్క వరుస వెనక నాలుగు ఫిర్యాదులు

కిరాణా సరుకులు ఇంటికి తెచ్చిచ్చే యాప్ ఒకటి ఉందనుకుందాం. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో నడుస్తుంది, వారానికి సుమారు 40 వేల ఆర్డర్లు వస్తాయి. (ఈ యాప్ తాలూకు అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే.) ప్రతి సోమవారం పొద్దున దాని ప్రొడక్ట్ మేనేజర్‌కి ఒక పేజీ నోట్ వెళ్తుంది. పోయిన వారం కస్టమర్లు ఏమన్నారు, దేని మీద ఎక్కువ గొడవ చేశారు, ముందు వారాలకీ దీనికీ తేడా ఏమైనా ఉందా అన్నది అందులో ఉండాలి. ఒక సోమవారం ఆ నోట్‌లో మొదటి వరుస ఇలా ఉంది: ‘రీఫండ్ సమస్యలు 61. పోయిన వారం 38.’

మేనేజర్ ఆ వరుసను పేమెంట్ టీమ్‌కి పంపుతారు. వాళ్లు తమ లాగ్‌లు చూసుకుని, మా వైపు అన్నీ సరిగ్గానే వెళ్తున్నాయి, బ్యాంకుల దగ్గర ఆలస్యమవుతోంది అని జవాబిస్తారు. అబద్ధం కాదు, వాళ్లకు కనిపించేది అదే. వారం గడిచిపోతుంది. వచ్చే సోమవారానికి 61 కాస్తా 80 అవుతుంది.

లెక్క కట్టినవాళ్లు కూడిక బాగానే చేశారు. చిక్కంతా ఏది ఎక్కడ కూడాలో అన్న దగ్గర వచ్చింది. కస్టమర్‌కి తన డబ్బు చేతికి రాలేదన్నదే తెలుసు కాబట్టి ‘రీఫండ్ రాలేదు’ అంటాడు. ఎందుకు రాలేదో అతనికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వారం నోట్ రాసేవాళ్ల పని ఆ ‘ఎందుకు’ దగ్గర మొదలవుతుంది. ఈ 61ని పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

మాటలు ఎక్కడెక్కడి నుంచి వస్తాయి

ఇలాంటి యాప్‌కి రాతలో వచ్చే ఫిర్యాదులు ప్రధానంగా మూడు చోట్ల నుంచి వస్తాయి: ప్లే స్టోర్ రివ్యూలు, యాప్‌లోని చాట్, కాల్ సెంటర్ టికెట్లు. మూడింటినీ తెచ్చి ఒకే షీట్‌లో పోసేస్తే పని అయిపోయినట్టు అనిపిస్తుంది కానీ, మూడింటి స్వభావం మూడు రకాలు.

ప్లే స్టోర్ రివ్యూని రాసినవాళ్లు తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. యాప్ నడిపేవాళ్లకు గూగుల్ ఇచ్చే ప్లే కన్సోల్ నుంచి దించుకునే CSV ఫైల్‌లో `Review Submit Date and Time`, `Review Last Update Date and Time` అని రెండు తేదీల కాలమ్‌లు ఉండేది అందుకే. రెండో తేదీని పట్టుకుని వారాలు విడదీస్తే, మూడు నెలల కిందట తిట్టిన మనిషి నిన్న ఒక స్టార్ పెంచినా ఆ పాత తిట్టు ఈ వారం లెక్కలో పడుతుంది. మొదటి తేదీని పట్టుకుంటే, పాత మంచి రివ్యూని ఈ వారం తిట్టుగా మార్చినవాళ్లు జారిపోతారు. నేనైతే కొత్తగా వచ్చినవీ మార్చినవీ వేర్వేరు గుట్టలుగా పెడతాను. మార్చినవాటిలో స్టార్ తగ్గినవాటిని మాత్రమే ఈ వారం ఫిర్యాదుగా లెక్కిస్తాను. దానికి పోయిన వారం ఫైల్ దగ్గర ఉండాలి, ఎందుకంటే కొత్త ఫైల్‌లో పాత స్టార్ కనిపించదు. ఇంకో సంగతి. ఫైల్ బదులు, ప్రోగ్రామ్‌తో నేరుగా తెచ్చుకోవడానికి గూగుల్ ఇచ్చే API ద్వారా రివ్యూలు లాగేవాళ్లకు గత వారం రోజుల్లో రాసినవో మార్చినవో మాత్రమే దొరుకుతాయి. పండగ సెలవులకు ఒక వారం ఎగ్గొడితే ఆ దారిలో అవి మళ్లీ రావు, CSV వెతుక్కోవాల్సిందే.

కాల్ సెంటర్ టికెట్ సంగతి వేరు. అందులో ఉండేవి కస్టమర్ మాటలు కావు, ఫోన్ ఎత్తిన ఏజెంట్ హడావుడిగా కొట్టిన నాలుగు ముక్కలు:

```
Cx called reg refund. Informed TAT 5-7 days. Cx ok.
```

Cx అంటే కస్టమర్, TAT అంటే పని పూర్తి కావడానికి పట్టే సమయం. కస్టమర్ పది నిమిషాలు మాట్లాడి ఉంటాడు. మిగిలింది ఇంతే. పైగా టికెట్ మూయాలంటే ఏజెంట్ ఒక డ్రాప్‌డౌన్‌లోంచి కారణం ఎంచుకోవాలి. నిమిషానికో కాల్ లైన్లో ఉన్నప్పుడు ఎవరైనా లిస్ట్‌లో పైన కనిపించేదే నొక్కుతారు. ‘రీఫండ్’ అన్నది పైన ఉంటే అన్నీ రీఫండ్‌లే. అందుకని ఏజెంట్ ఎంచుకున్న కారణాన్ని సమస్యగా తీసుకోకూడదు, ఏ టికెట్లు ముందు చదవాలో చెప్పే గుర్తుగా మాత్రమే వాడుకోవాలి. అర్థం కాని టికెట్లలో ఓ పది తీసుకుని కాల్ రికార్డింగ్ వినడం ఈ మొత్తం పనిలో అత్యంత లాభసాటి అరగంట అని నా అభిప్రాయం. చాలా చోట్ల ఎవరూ వినరు.

చాట్ మధ్యస్థం. కస్టమర్ సొంత మాటలే ఉంటాయి కానీ ముక్కలు ముక్కలుగా, ఒక్కో లైను ఒక్కో వరుసగా వస్తాయి. ముందు వాటిని ఒక సంభాషణగా కలపాలి.

తర్వాత మనుషుల్ని కలపాలి. డబ్బు రాని మనిషి శుక్రవారం చాట్ చేస్తాడు, శనివారం ఫోన్ చేస్తాడు, ఆదివారం విసిగిపోయి ఒక స్టార్ ఇస్తాడు. షీట్‌లో మూడు వరుసలు, సమస్య ఒక్కటే. చాట్‌నీ టికెట్‌నీ ఆర్డర్ నంబర్‌తో, ఫోన్ నంబర్‌తో కలపొచ్చు. ప్లే స్టోర్ రివ్యూలో ఫోన్ నంబర్ ఉండదు, డిస్‌ప్లే పేరుతో కలపబోతే ‘శ్రీనివాస్’లు పాతికమంది తగులుతారు, కాబట్టి దాన్ని విడిగానే లెక్కించి, విడిగానే చూపించడం నిజాయితీ. అయితే మూడుసార్లు అడిగిన మనిషిని ఒకటిగా లెక్కించినప్పుడు, ‘మూడుసార్లు అడిగాడు’ అన్న సమాచారాన్ని పారేయకండి. పక్కన ఒక కాలమ్‌లో ఉంచండి. తర్వాత పనికొస్తుంది.

తెలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో

మన దగ్గర ఈ పనిలో ఇంకో తలనొప్పి ఉంది. తెలుగు మాటల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాల్లో వస్తుంది, ఎవరి స్పెల్లింగ్ వాళ్లది:

```
paisal kat ayinai order cancel chesina inka raale
dabbulu cut ayyayi, cancel chesa, 10 days ayyindi refnd ledu
Super service 👏 order pedithe vanta ayyaka vachindi
```

మొదటి రెండూ ఒకే ఫిర్యాదు, ఒకటి తెలంగాణ మాట, ఒకటి కోస్తా మాట. మూడోది ఐదు స్టార్లతో వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. వెటకారం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. స్టార్‌ని బట్టి మంచి, చెడు అని విడదీసి, తక్కువ స్టార్లవే చదివేవాళ్లకు ఈ మూడోది ఎప్పటికీ కనబడదు.

డబ్బు గురించిన రాతలన్నీ ముందు ఒకచోట చేర్చడానికి ఇలాంటి వెతుకుడు నమూనాను ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడకుండా నడిపితే చాలు:

```
ref+u?n+d|rifand|refand|dabb?ul|paisal|రీఫండ్|రిఫండ్|డబ్బు|పైసలు
```

ఇది జల్లెడ మాత్రమే. ‘డబ్బులు వేస్ట్, కూరగాయలు వాడిపోయాయి’ అన్నదాన్ని కూడా పట్టేస్తుంది, ‘అమౌంట్ యాడ్ కాలేదు’ అన్నదాన్ని వదిలేస్తుంది. పట్టినవాటిని మనిషి చదివి తీసేయొచ్చు. వదిలేసినవి ఎన్నో తెలియాలంటే, జల్లెడ పట్టనివాటిలోంచి చేతికొచ్చినట్టు ఒక 50 తీసి చదవాలి. అందులో రీఫండ్ గొడవలు ఒకటో రెండో అయితే సరే, ఆరేడు తేలాయంటే ఆ కొత్త మాటలు నమూనాలో చేర్చి మళ్లీ నడపాలి. జనం రాసే తీరు మారుతుంటుంది కాబట్టి ఇది నెలకోసారైనా చేయాల్సిన పని.

61ని విడదీస్తే

ఇప్పుడు ఆ 61 రాతలను ఒక్కొక్కటిగా, ఆర్డర్ చరిత్ర పక్కన పెట్టుకుని చదివారనుకుందాం. నాలుగు గుట్టలు తేలాయి.

మొదటి గుట్టలో 14 ఉన్నాయి. UPIలో డబ్బు కట్ అయింది, యాప్‌లో ఆర్డర్ పడలేదు. ఇక్కడ కంపెనీ దగ్గరికి డబ్బే రాలేదు, కాబట్టి సాంకేతికంగా ఇది రీఫండే కాదు. కస్టమర్ ఖాతాలోంచి వెళ్లి వ్యాపారికి ధ్రువీకరణ అందని చెల్లింపు దానంతట అదే వెనక్కి రావాలి. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, UPIతో వ్యాపారికి చేసిన చెల్లింపుల్లో దీనికి గడువు లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజులు. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున కస్టమర్‌కి పరిహారం ఇవ్వాలి. కాబట్టి ఈ 14 మందికి ప్రొడక్ట్ మేనేజర్ చేయగలిగేది ప్రధానంగా ఒకటే: డబ్బు ఎప్పటిలోగా వస్తుందో ఆ క్షణంలోనే స్క్రీన్ మీద స్పష్టంగా చెప్పించడం.

రెండో గుట్ట 12. ఆర్డర్ వచ్చింది, అందులో ఒక వస్తువు లేదు, దాని డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. దీని మూలం గోడౌన్‌లో సరుకు సర్దే దగ్గర ఉంది.

మూడో గుట్ట 29. ఆర్డర్ క్యాన్సిల్ చేశారు, డబ్బు యాప్ వాలెట్‌లో పడింది, కస్టమర్ మాత్రం బ్యాంక్ ఖాతా చూసుకుని ‘రాలేదు’ అంటున్నాడు. కంపెనీ లెక్కలో ఇవన్నీ ‘రీఫండ్ పూర్తయింది’ అనే ఉంటాయి. పేమెంట్ టీమ్‌కి తప్పేమీ కనిపించకపోవడానికి కారణం ఇదే. వాళ్లు చూసే టేబుల్‌లో ఈ 29 మంది సంతృప్తిగా ఉన్న కస్టమర్లు.

నాలుగోది 6. రీఫండ్ అడిగారు, కంపెనీ కుదరదంది. ఇది పాలసీ గొడవ.

ఇలా గుట్టలు పెట్టేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే: దీన్ని సరిచేయాల్సింది ఎవరు? రెండు రాతలకు జవాబు వేరైతే అవి రెండు గుట్టలు, మాటలు ఎంత ఒకేలా ఉన్నా సరే. జవాబు ఒకటే అయితే ఒకే గుట్ట, మాటలు ఎంత వేరుగా ఉన్నా సరే. ఒకే మాటలు ఉన్న రాతల్ని ఒకచోట చేర్చడం సులువు. అందుకే చాలా నోట్‌లలో ‘డెలివరీ’, ‘రీఫండ్’, ‘యాప్’, ‘క్వాలిటీ’ అని నాలుగైదు పెద్ద పేర్లే కనిపిస్తాయి. అవి ఏ టీమ్‌కి ఏ పనీ చెప్పవు.

ప్రతి గుట్టకూ రెండు వాక్యాల నిర్వచనం రాసి పెట్టుకోవాలి: ఏది ఇందులోకి వస్తుంది, దీనికి దగ్గరగా ఉన్నా ఏది రాదు. ‘క్యాన్సిల్ చేసిన ఆర్డర్ డబ్బు వాలెట్‌కి వెళ్లడం గురించిన ఫిర్యాదులు. ఆర్డరే పడకుండా డబ్బు కట్ అయినవి ఇందులోకి రావు.’ ఇంతే. నిర్వచనం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి, ఒకే 50 రాతలను ఇద్దరికిచ్చి ఒకరికొకరు చూసుకోకుండా గుట్టలు పెట్టమనండి. 45 దగ్గర ఇద్దరి మాటా కలిస్తే నిశ్చింత. 35 దగ్గరే ఆగిపోతే మనుషుల్ని కాదు, నిర్వచనాన్ని అనుమానించాలి. తేడా వచ్చిన పదిహేను రాతలూ సాధారణంగా రెండు గుట్టల సరిహద్దులోనే ఉంటాయి, అక్కడ ఒక వాక్యం చేరిస్తే పోతుంది. ఒక రాతలో రెండు ఫిర్యాదులుంటే రెండు గుట్టల్లోనూ లెక్కించడం మేలు. అప్పుడు గుట్టల మొత్తం మనుషుల సంఖ్యను దాటుతుంది, ఆ సంగతి నోట్ కింద ఒక ముక్కలో చెబితే చాలు.

గుట్టల పేర్లు వారం వారం మార్చకూడదు. మారిస్తే పోల్చడానికి ఏమీ మిగలదు. కొత్తది తేలితే, ఆ నిర్వచనంతో వెనకటి నాలుగైదు వారాల రాతలు మళ్లీ చదివి లెక్క సరిచేసుకున్నాకే నోట్‌లో పెట్టాలి. లేకపోతే ‘పోయిన వారం సున్నా, ఈ వారం 29’ అని కనబడి ఉత్తి పుణ్యానికి టెన్షన్ పెడుతుంది. ‘ఇతరాలు’ గుట్ట మొత్తంలో పదో వంతు దాటిందంటే లోపల ఏదో పెరుగుతోందని అర్థం.

పెరిగిందా, ఊరికే ఊగిందా

పోయిన వారం 38, ఈ వారం 61. ఇది పెద్ద తేడానేనా? అదే నోట్‌లో ఇంకో వరుస ఉంది: కుళ్లిన టమాటాల ఫిర్యాదులు 9 నుంచి 14కి చేరాయి. శాతాల్లో రాస్తే రీఫండ్ సుమారు 60 శాతం పెరిగింది, టమాటా సుమారు 56 శాతం పెరిగింది. రెండూ ఇంచుమించు ఒకేలా భయపెడతాయి. కానీ ఒకటి నిజం, ఒకటి ఉత్త ఊగుడు.

ఇలాంటి లెక్కల్లో, అంటే చాలా ఆర్డర్లలో అరుదుగా జరిగేవాటిని లెక్కించేటప్పుడు, వారం వారం వచ్చే సహజమైన ఊగుడు దాని సగటుకు వర్గమూలం అంత ఉంటుంది. సగటు 36 అయితే ఊగుడు 6. సగటు 9 అయితే 3. సగటు మీద ఆ ఊగుడుకి మూడింతలు కలిపితే వచ్చేదాన్ని పై గీత అనుకుందాం. ఆ గీత లోపల ఉన్నంతవరకు ఏదో మారిందని చెప్పలేం. ఫ్యాక్టరీల్లో నాణ్యత చూసేవాళ్లు వాడే కంట్రోల్ చార్ట్ ఇదే. వాల్టర్ షూహార్ట్ అనే అమెరికన్ 1924లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పని చేస్తూ దీన్ని ప్రతిపాదించాడు. టెలిఫోన్ పరికరాల తయారీ కోసం పుట్టినది ఫిర్యాదులకూ చక్కగా సరిపోతుంది.

మన యాప్‌లో గత ఎనిమిది వారాల రీఫండ్ సగటు 36 అనుకుందాం. గీత 36 కి 18 కలిపితే 54 దగ్గర. 61 దాన్ని దాటింది. టమాటాల సగటు 9, గీత 18 దగ్గర. 14 దాని లోపలే ఉంది. టమాటాల కోసం ఈ వారం ఎవరినీ పరిగెత్తించక్కర్లేదు.

ఇంతకన్నా ముఖ్యం, 61ని విడదీసినవాటికి ఈ గీత గీయడం. UPI గుట్ట సగటు 13, ఈ వారం 14. వస్తువు రానిది సగటు 11, ఈ వారం 12. కుదరదన్నవి 6, ఈ వారమూ 6. వాలెట్ గుట్ట సగటు 6, గీత 13 దగ్గర, ఈ వారం 29. అంటే సగటు కంటే పెరిగిన 25లో 23 ఒక్క వాలెట్ గుట్టవే. ‘రీఫండ్ సమస్యలు పెరిగాయి’ అన్న వాక్యం మూడు వంతులు తప్పు. పెరిగింది ఒకటే, మిగతా మూడూ ఎప్పటిలాగే ఉన్నాయి.

ఆర్డర్లు పెరిగితే ఫిర్యాదులూ పెరుగుతాయి కాబట్టి వెయ్యి ఆర్డర్లకు ఎన్ని అన్నదీ చూడాలి. ఈ వారం ఆర్డర్లు 42 వేలు. రీఫండ్ ఫిర్యాదులు వెయ్యికి మామూలుగా ఉండే 0.9 నుంచి 1.45కి వెళ్లాయి. కాబట్టి ఆర్డర్ల పెరుగుదల మీదికి నెట్టడానికి లేదు. సంక్రాంతి, దసరా వారాల్లో మాత్రం ఈ భాగహారం చేయకుండా నోట్ పంపితే నవ్వులపాలే.

ఈ గీతకు ఒక హద్దుంది. గడువు దాటిన పిల్లల ఆహారం వచ్చింది, డెలివరీకి వచ్చిన మనిషి ఇబ్బందిగా ప్రవర్తించాడు, ఒకరి ఆర్డర్ వివరాలు ఇంకొకరికి కనిపించాయి అన్నలాంటివి ఒక్కటి వచ్చినా చాలు. వాటికి సగటు, గీత అంటూ లెక్కలు వేయకూడదు. సోమవారం దాకా ఆపకుండా అదే రోజు ఫోన్ చేసి చెప్పాలి.

29 వెనక ఏముంది

వాలెట్ గుట్టలోని 29 మంది ఏ యాప్ వెర్షన్ వాడుతున్నారో చూస్తే, 26 మంది అంతకుముందు వారం బుధవారం విడుదలైన కొత్త వెర్షన్‌లో ఉన్నారు. ఇక్కడ చాలామంది ఆగిపోయి కారణం దొరికిందంటారు. కానీ కస్టమర్లలో 90 శాతం ఆ వెర్షన్‌కి మారిపోయి ఉంటే 29లో 26 అన్నది మామూలే. ఆ అంకెకు బలం రావాలంటే, మొత్తం కస్టమర్లలో ఎందరు కొత్త వెర్షన్‌లో ఉన్నారో పక్కన ఉండాలి. మన యాప్‌లో 40 శాతం అనుకుందాం. అప్పుడు 29లో పన్నెండు దాకా ఉండాల్సినచోట 26 ఉన్నాయి. ఇప్పుడు కొత్త వెర్షన్‌ని అనుమానించొచ్చు.

ఫోన్ తీసి కొత్త వెర్షన్‌లో ఒక ఆర్డర్ క్యాన్సిల్ చేసి చూస్తే తెలిసిపోతుంది. పాత దాంట్లో ‘డబ్బు ఎక్కడికి రావాలి’ అని అడిగేది, ఏదీ ముందే టిక్ అయి ఉండేది కాదు. కొత్త దాంట్లో ‘వాలెట్ – వెంటనే’ అన్నది ముందే టిక్ అయి ఉంది, బ్యాంక్ ఆప్షన్ కనబడాలంటే స్క్రీన్ కిందికి జరపాలి. హడావుడిలో ఉన్నవాళ్లు ‘సరే’ నొక్కేస్తారు. ఎవరో మంచి ఉద్దేశంతోనే చేసుంటారు, వాలెట్‌లో అయితే వెంటనే పడుతుంది కదా అని.

ఇక్కడే మనం దాచుకున్న ‘ఎన్నిసార్లు అడిగారు’ కాలమ్ పనికొస్తుంది. UPI గుట్టవాళ్లలో ఎక్కువమంది ఒకసారి అడిగి ఊరుకున్నారు, డబ్బు దానంతట అదే వచ్చేసింది కాబట్టి. వాలెట్ గుట్టవాళ్లు రెండేసి, మూడేసి సార్లు ఫోన్ చేశారు. ఏజెంట్ ప్రతిసారీ ‘ఐదు నుంచి ఏడు రోజుల్లో వస్తుంది’ అని స్క్రిప్ట్ చదివాడు. ఎన్ని రోజులు ఆగినా బ్యాంకులోకి ఆ డబ్బు రాదు. పైన చూపించిన `Cx ok` టికెట్ ఈ గుట్టలోదే.

మేనేజర్ చేతికి వెళ్లేది

ఇంత తవ్విన తర్వాత నోట్‌లో రాయాల్సింది కొంచెమే:

> క్యాన్సిల్ చేసిన ఆర్డర్ డబ్బు వాలెట్‌కి వెళ్తోంది, కస్టమర్లు బ్యాంకులో చూసుకుని రాలేదంటున్నారు. ఈ వారం 29 మంది, మామూలుగా 6. 26 మంది అంతకుముందు వారం బుధవారం నాటి వెర్షన్‌లో ఉన్నారు (మొత్తం కస్టమర్లలో ఆ వెర్షన్ వాటా 40 శాతం). క్యాన్సిల్ స్క్రీన్‌లో వాలెట్ ముందే టిక్ అయి వస్తోంది. ఏజెంట్లు వీళ్లకు 5–7 రోజులు ఆగమని చెబుతున్నారు, అది తప్పు సమాచారం.
>
> ఒక కస్టమర్ మాటల్లో: ‘క్యాన్సిల్ చేసి వారం అయింది, రీఫండ్ డన్ అని చూపిస్తుంది, బ్యాంకులో రూపాయి లేదు. ఎవరికి చెప్పాలి?’
>
> తేల్చుకోవాల్సింది: ఆ టిక్ తీసేయాలా? వాలెట్‌కి వెళ్లిన డబ్బును బ్యాంకుకి మార్చే దారి ఏజెంట్లకు ఉందా?
>
> రీఫండ్ గురించిన మిగతా మూడు రకాలు, టమాటాల ఫిర్యాదులు మామూలు స్థాయిలోనే ఉన్నాయి.

చివరి వాక్యాన్ని చాలామంది అనవసరం అనుకుని కొట్టేస్తారు. నా ఉద్దేశంలో అది ఉండాల్సిందే, ఎందుకంటే మేనేజర్ ఏ సీఈఓ దగ్గరో ఒక టమాటా స్క్రీన్‌షాట్ చూసి కంగారుపడినప్పుడు అక్కరకొచ్చేది ఆ వాక్యమే.

కస్టమర్ మాటను ఒకటి తీసుకునేటప్పుడు బాగా తిట్టినదాన్నో బాగా రాసినదాన్నో ఎంచుకోవాలనిపిస్తుంది. ఆ గుట్టలో ఎక్కువమంది చెప్పినట్టే చెప్పినదాన్ని తీసుకోవాలి. జనం ఫిర్యాదులో ఫోన్ నంబర్లు, ఫ్లాట్ నంబర్లు, ఒక్కోసారి ఖాతా నంబర్లు కూడా రాసేస్తారు. నోట్‌లోకి రాకముందే అవన్నీ తుడిచేయాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అటుంచినా, ఆ నోట్ ఎన్ని గ్రూపుల్లోకి ఫార్వర్డ్ అవుతుందో ఎవరికీ తెలియదు.

పెద్ద పెద్ద అక్షరాల్లో ‘రీఫండ్’, ‘లేట్’ అని కనిపించే వర్డ్ క్లౌడ్ బొమ్మలు, ‘సగటు సెంటిమెంట్ 3.2’ లాంటి అంకెలు నేను నోట్‌లో పెట్టను. వాటిని చూసి ఫలానా పని చేద్దాం అన్న మేనేజర్‌ని నేను చూడలేదు.

సరిచేశాక ఫిర్యాదులు పెరుగుతాయి

మంగళవారం ఆ టిక్ తీసేసి కొత్త వెర్షన్ వదిలారనుకుందాం. వచ్చే సోమవారం వాలెట్ గుట్ట 29 నుంచి 40కి చేరే అవకాశం ఉంది. అప్పుడు ‘మార్చినా ఉపయోగం లేదు’ అని ఎవరో ఒకరు అంటారు.

కారణం సులువు. క్యాన్సిల్ చేసినవాళ్లు ఆ రోజే ఫిర్యాదు చేయరు. ఐదారు రోజులు ఖాతా చూసుకుంటూ ఆగి, అప్పుడు రాస్తారు. మంగళవారం కంటే ముందు క్యాన్సిల్ చేసినవాళ్లలో చాలామంది ఇంకా నోరు విప్పలేదు. వాళ్ల ఫిర్యాదులు మార్పు జరిగిన తర్వాతే వస్తాయి. పైగా అప్‌డేట్ చేసుకోనివాళ్ల ఫోన్లలో పాత స్క్రీనే ఉంటుంది.

కాబట్టి ఈ గుట్టకు ఫిర్యాదు వచ్చిన తేదీని బట్టి కాకుండా, ఆర్డర్ క్యాన్సిల్ చేసిన తేదీని బట్టి లెక్క కట్టాలి. బుధవారం క్యాన్సిల్ చేసినవాళ్లలో ఏడు రోజుల్లోపు ఎంతమంది ఫిర్యాదు చేశారు, గురువారం క్యాన్సిల్ చేసినవాళ్లలో ఎంతమంది, ఇలా. ప్రతి రోజుకూ ఒకే ఏడు రోజుల గడువు ఇవ్వాలి. నిన్న క్యాన్సిల్ చేసినవాళ్లకు ఒక్క రోజే అవకాశమిచ్చి ‘ఫిర్యాదులు తగ్గాయి’ అనుకోవడం ఈ లెక్కలో అందరూ పడే గొయ్యి. ఈ పద్ధతిలో చూస్తే మంగళవారానికి ముందు రోజుల వరుసలు ఎత్తుగానే ఉంటాయి. మార్పు పనిచేసి ఉంటే బుధవారం నుంచి, కొత్త వెర్షన్‌లో ఉన్నవాళ్ల వరకు, కిందికి దిగుతాయి. అది ఖాయంగా చెప్పడానికి మార్పు చేసిన రోజు నుంచి కనీసం రెండు సోమవారాలు ఆగాలి. మొదటి సోమవారం నోట్‌లో రాయగలిగింది ఒక్కటే: ‘వాలెట్ ఫిర్యాదులు 40. వీటిలో 37 మంగళవారానికి ముందు క్యాన్సిల్ చేసిన ఆర్డర్లవి. మార్పు ఫలితం వచ్చే వారం చెప్పగలం.’